రక్తమొలలు: ఉధృతి, కూర్చుంటే నొప్పి, తొట్టి స్నానం, ప్రమాద సూచనలు

మలద్వారం లోపలి గోడకు, అంచుకు ఉండే రక్తనాళాల మెత్తలు ఉబ్బి కిందికి జారితే వాటిని మొలలు అంటారు. మూలవ్యాధి, మూలశంక, అర్శమొలలు, పైల్స్ అన్నీ దీనికి వాడుకలో ఉన్న పేర్లే. ఇది చాలా పాత జబ్బు. సుశ్రుత సంహితలో దీనికి మందు, క్షారం, అగ్ని, శస్త్రం అని నాలుగు రకాల చికిత్సలు కనిపిస్తాయి. మొలలు చాలాకాలం సద్దుమణిగి ఉండి, ఒక్కసారిగా రక్తం, వాపు, నొప్పితో తిరగబెట్టడాన్ని ఉధృతి అంటారు. పండగ తిండి, దూరప్రయాణం, రెండు మూడు రోజుల మలబద్ధకం, గర్భం, కాన్పు, ఆగని దగ్గు, ఒక్కోసారి విరేచనాలు కూడా ఇందుకు కారణమవుతాయి.

ఈ జబ్బు విషయంలో అందరూ తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. రక్తం పడే మొల సాధారణంగా నొప్పి పెట్టదు. నొప్పి పెట్టే మొల సాధారణంగా ఎక్కువ రక్తం కార్చదు. రెండూ ఒకేసారి వచ్చాయంటే అక్కడ రెండు వేర్వేరు సంగతులు జరుగుతూ ఉండవచ్చు. ఈ తేడా తెలియక చాలామంది నొప్పికి భయపడి రక్తాన్ని పట్టించుకోరు. నొప్పి తగ్గగానే జబ్బు తగ్గిందనుకుంటారు.

రక్తం ఎక్కడిది, నొప్పి ఎక్కడిది

మలద్వారం లోపల మూడు మెత్తలు పుట్టుకతోనే అందరికీ ఉంటాయి. ఒకటి ఎడమ పక్కన, రెండు కుడి పక్కన ముందూ వెనకా ఉంటాయి. గాలీ నీరూ జారిపోకుండా ద్వారాన్ని గట్టిగా మూసి ఉంచడంలో వీటికీ పాత్ర ఉంది. మొలలంటే కొత్తగా పుట్టిన పిలకలు కావనీ, ఈ మెత్తలే పట్టు సడలి కిందికి జారడమనీ 1975లో థామ్సన్ అనే బ్రిటిష్ సర్జన్ వివరించాడు. ఇప్పటి వైద్యం దాదాపు ఆ అవగాహన మీదే నడుస్తోంది. ఏళ్ల తరబడి ముక్కడం వల్ల మెత్తను గోడకు పట్టి ఉంచే పోగులు తెగుతాయి. జారిన మెత్తను గట్టి మలం ఒరుసుకుంటూ పోతే పైపొర చిట్లుతుంది. ఈ మెత్తల్లో ధమనులు నేరుగా వచ్చి కలుస్తాయి కాబట్టి పడే రక్తం నల్లగా కాక ఎర్రగా, తాజాగా ఉంటుంది. మలం వెళ్లిన తర్వాత చుక్కలు చుక్కలుగా గాని, పిచికారీలా గాని పడుతుంది.

మలద్వారం అంచు నుంచి సుమారు రెండు సెంటీమీటర్ల లోపల రంపం పళ్లలా ఉండే ఒక గీత ఉంది. దీన్ని డెంటేట్ రేఖ అంటారు. ఈ గీతకు పైనున్న పొరకు కోత, మంట తెలిపే నరాలు లేవు. కిందున్న చర్మానికి మాత్రం వేలి కొనకు ఉన్నంత సున్నితమైన నరాలున్నాయి. గీతకు పైన ఉబ్బినవి లోపలి మొలలు. అవి రక్తం కారుస్తాయి గాని సాధారణంగా నొప్పి పెట్టవు. గీతకు కింద ఉబ్బినవి బయటి మొలలు. వాటిలో రక్తం గడ్డకడితే మనిషి కూర్చోలేడు, నిలబడలేడు, తుమ్మాలన్నా భయపడతాడు.

లోపలి మొలలను నాలుగు దశలుగా లెక్కిస్తారు. మొదటి దశలో రక్తం పడుతుంది, బయటికి ఏమీ రాదు. రెండో దశలో ముక్కినప్పుడు మొల బయటికి వచ్చి దానంతటదే లోపలికి పోతుంది. మూడో దశలో వేలితో నెట్టాలి. నాలుగో దశలో నెట్టినా పోదు. నొప్పి ఎంతుందన్నది ఈ లెక్కలో లేదని గమనించండి.

కూర్చుంటే నొప్పి

కూర్చున్నప్పుడు నొప్పి వస్తోందంటే చాలావరకు నాలుగు కారణాల్లో ఏదో ఒకటి ఉంటుంది. రోగి తనంతట తాను కొంతవరకు పోల్చుకోవచ్చు గాని, చివరి మాట డాక్టరు పరీక్షదే.

మొదటిది, బయటి మొలలో రక్తం గడ్డకట్టడం. నిన్నటిదాకా లేని ఉబ్బు ఇవాళ పొద్దున కడుక్కుంటుంటే ద్రాక్షపండంత చేతికి తగులుతుంది. నీలిరంగులో, బిగుతుగా ఉంటుంది. నొప్పి మొదటి రెండు మూడు రోజులు పెరిగి, ఆ తర్వాత తనంతట తగ్గుతూ వస్తుంది. వాపు పూర్తిగా కరగడానికి రెండు మూడు వారాలు పట్టవచ్చు. ఒక్కోసారి మీది చర్మం చిట్లి నల్లటి గడ్డ బయటపడుతుంది. అప్పుడు కాస్త రక్తం కారి నొప్పి ఒక్కసారిగా తేలికపడుతుంది.

రెండోది ఫిషర్, అంటే ద్వారం అంచున చర్మం చీలడం. మొలలని పొరబడేవాటిలో ముందు చెప్పుకోవలసింది ఇదే. మలం వెళ్లేటప్పుడు గాజుపెంకుతో కోసినట్టుంటుంది. ఆ తర్వాత గంట, రెండు గంటలు మంట, పోటు ఉండి తగ్గిపోతాయి. రక్తం ఉన్నా మలం మీద గీతలాగో, తుడుచుకున్న కాగితం మీద మరకలాగో కనిపిస్తుంది.

మూడోది చీముగడ్డ. దీని నొప్పికి మలవిసర్జనతో సంబంధం ఉండదు. రాత్రీ పగలూ దడదడమని పోటు, పక్కన చర్మం ఎర్రగా వేడిగా ఉండటం, జ్వరం, చలి వస్తాయి. దీన్ని ఇంట్లో నీళ్లలో కూర్చుని తగ్గించుకోవాలనుకోవడం ప్రమాదం. చీరి చీము తీయవలసిందే. ఆలస్యమైతే లోతుకు పాకుతుంది. తర్వాత భగందరంగా మారే అవకాశమూ ఉంది.

నాలుగోది, జారిన లోపలి మొల బయటే చిక్కుకుపోవడం. బయటి కండరం దాని మెడ బిగించినట్టు పట్టేస్తుంది. రక్తం తిరిగి పోలేక మొల ఉబ్బి, ముదురు ఎరుపై, చివరికి నల్లబడుతుంది. ఇది కూడా ఆసుపత్రి పనే.

ఒక నమూనా కేసు

ఇలాంటి రోగుల్లో తరచూ కనిపించే సంగతులను కలిపి చెప్పుకునే ఒక ఉదాహరణ చూద్దాం. హైదరాబాద్‌లో ఆఫీసు ఉద్యోగం చేసే 34 ఏళ్ల మనిషి సంక్రాంతికి శ్రీకాకుళం వెళ్లాడు. మూడు రోజులు అరిసెలు, జంతికలు, గారెలు, కనుమ నాడు మాంసం. కూరా ఆకూ పెద్దగా లేవు. తిరుగు ప్రయాణంలో బస్సు మధ్యలో ఆగదని నీళ్లు తాగలేదు, కడుపు కదిలినా బిగబట్టుకున్నాడు. మర్నాడు ఇంట్లో ఇరవై నిమిషాలు కమోడ్ మీద కూర్చుని ముక్కాడు. రక్తం పడింది. సాయంత్రానికి అంచున ఉబ్బు తేలింది. కుర్చీలో ఒక పిర్ర మీదే కూర్చోవలసి వచ్చింది. ఫోన్ చేస్తే అమ్మ, “వేడి చేసిందిరా, మజ్జిగ తాగు, మాంసం మానెయ్” అంది.

మూడు రోజులు నొప్పి భరించి, ఆ తర్వాత సర్జన్ దగ్గరికి వెళ్లాడు. బయటి మొలలో గడ్డ ఉంది. నొప్పి మొదలై 72 గంటలు దాటనప్పుడు, బాధ తీవ్రంగా ఉంటే, అక్కడికక్కడే మత్తు ఇచ్చి గడ్డను తొలగించవచ్చు. ఆ గడువు దాటాక, నొప్పి దిగుతున్న దశలో కోస్తే కోత నొప్పే ఎక్కువవుతుంది. ఇతనికి అప్పటికే కాస్త తగ్గుముఖం పట్టింది. అందుకని పారాసెటమాల్, పైపూతకు లిగ్నోకైన్ జెల్, మలం మెత్తబడటానికి రాత్రిపూట లాక్టులోజ్ సిరప్, తొట్టి స్నానం చెప్పి పంపారు. వారానికి హాయిగా కూర్చోగలిగాడు.

అయితే డాక్టరు ఇంకో ప్రశ్న వేశారు. “ఇంతకుముందెప్పుడైనా రక్తం పడిందా?” రెండేళ్లుగా నెలలో నాలుగైదు రోజులు చుక్కలు పడుతూనే ఉన్నాయట. నొప్పి లేదు కాబట్టి ఎవరికీ చెప్పలేదు. మెట్లెక్కితే ఆయాసం వస్తోందని, అది బరువు పెరగడం వల్లేమోనని అనుకున్నాడు. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 9.6 ఉంది. మగవాళ్లలో 13 కంటే తక్కువుంటే రక్తహీనతే. రెండేళ్ల చుక్కలు కలిసి అంత పని చేశాయి.

అంత రక్తహీనతను మొలల మీదికి నెట్టేసి వదిలేయకూడదు. అందుకే కొలనోస్కోపీ చేయించారు. పెద్దపేగులో గడ్డలేమీ లేవు. లోపల రెండో దశ మొలలు రెండు కనిపించాయి. నెల తేడాతో రెండుసార్లు వాటి మొదట్లో రబ్బరు బ్యాండ్లు వేశారు. 1963లో బారన్ అనే అమెరికన్ సర్జన్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. బ్యాండ్‌ను డెంటేట్ రేఖకు పైన వేస్తారు కాబట్టి కోసినట్టు నొప్పి ఉండదు, ఒకటి రెండు రోజులు లోపల బరువుగా ఉంటుంది. వారం పది రోజుల్లో ఎండిన మొల రాలిపోతుంది. ఆ సమయంలో కాస్త రక్తం కనిపించవచ్చు. ఐరన్ మాత్రలతో మూడు నెలల్లో హిమోగ్లోబిన్ 12.8కి చేరింది.

ఇతన్ని ఆసుపత్రికి నడిపించిన నొప్పి మందు లేకపోయినా పది రోజుల్లో తగ్గేదే. నిజంగా ఒళ్లు గుల్ల చేసింది మాత్రం రెండేళ్లు చడీచప్పుడూ లేకుండా పోయిన రక్తం.

గోరువెచ్చని నీళ్లలో కూర్చోవడం

దీన్ని డాక్టర్లు సిట్జ్ బాత్ అని రాస్తారు. కూర్చుని చేసే స్నానం అని జర్మన్ మాటకు అర్థం. మనం తొట్టి స్నానం అనుకోవచ్చు. మలద్వారాన్ని మూసి ఉంచే లోపలి కండరం మన అదుపులో ఉండేది కాదు. నొప్పి పుట్టగానే అది బిగుసుకుంటుంది, బిగుసుకున్నకొద్దీ నొప్పి పెరుగుతుంది. వెచ్చదనం ఆ బిగువును సడలిస్తుంది. తొట్టి స్నానం చేసే పని ఇంతే. మొలను కరిగించదు, రక్తాన్ని ఆపదు, చీమును లాగదు. ఈ మేలుకు బలమైన పరిశోధనా ఆధారాలు తక్కువే అయినా, చేసినవాళ్లకు హాయి దొరుకుతుంది, సరిగ్గా చేస్తే హాని లేదు. అందుకే డాక్టర్లు చెబుతూనే ఉన్నారు.

వెడల్పాటి ప్లాస్టిక్ బేసిన్ గాని, కమోడ్ మీద అమర్చుకునే తొట్టి గాని తీసుకోండి. కమోడ్ తొట్టి మందుల దుకాణాల్లో దొరుకుతుంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు, గర్భిణులకు నేల మీది బేసిన్ కంటే అదే నయం, లేవడం సులువు. తొట్టిని సబ్బుతో కడిగి, కూర్చుంటే ద్వారం పూర్తిగా మునిగేటట్టు నాలుగైదు అంగుళాల నీళ్లు పోయండి. వేడి 40 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉండాలి. థర్మామీటర్ అక్కర్లేదు. పసిపిల్లకు స్నానం పోసేముందు చూసినట్టు మోచెయ్యి ముంచి చూడండి. హాయిగా ఉంటే చాలు, చురుక్కుమంటే ఎక్కువ. ముందు చన్నీళ్లు పోసి తర్వాత వేడినీళ్లు కలపండి. కూర్చున్నాక నీళ్లు చల్లారితే లేచిన తర్వాతే మళ్లీ వేడినీళ్లు పోయాలి, కూర్చుని ఉండగా పోయకూడదు.

ఒక్కోసారి 10 నుంచి 15 నిమిషాలు చాలు. రోజుకు రెండు మూడుసార్లు, అందులో ఒకటి మలవిసర్జన అయిన వెంటనే చేయాలి. అరగంట, ముప్పావుగంట కూర్చుంటే ఇంకా మేలనుకుంటారు గాని, అలా కూర్చుంటే రక్తం కిందికి చేరి వాపు పెరగవచ్చు. కూర్చున్నప్పుడు ముక్కవద్దు. ఒళ్లు వదులు చేసి మామూలుగా ఊపిరి తీసుకుంటే చాలు. లేచేటప్పుడు గోడో స్టూలో పట్టుకుని మెల్లగా లేవాలి. వేడినీళ్లకు రక్తనాళాలు విచ్చుకుని కళ్లు తిరగవచ్చు, రక్తం తక్కువున్నవాళ్లకు మరీను. తర్వాత మెత్తటి నూలుగుడ్డతో అద్దుకోవాలి, రుద్దకూడదు.

నీళ్లలో ఏం కలపాలని అందరూ అడుగుతారు. ఏమీ కలపనక్కర్లేదు. ఉప్పు కలిపినందువల్ల అదనపు లాభం లేదు. డెటాల్‌లాంటి క్రిమిసంహారకాలు పుండైన చర్మాన్ని మండిస్తాయి. ఊదారంగు పొటాషియం పర్మాంగనేట్ పలుకులు సరిగ్గా కరగకపోతే తగిలినచోట చర్మాన్ని కాలుస్తాయి. షుగర్ వ్యాధి వల్ల స్పర్శ తగ్గినవాళ్లు నీటి వేడిని వేరొకరి చేత చూపించుకోవాలి. బొబ్బలెక్కేదాకా వాళ్లకు తెలియకపోవచ్చు.

గడ్డకట్టిన మొల మొదటి రోజు బాగా వాచి ఉంటే కొందరికి వేడికంటే చల్లదనం హాయిగా ఉంటుంది. ఐసుముక్కలను గుడ్డలో చుట్టి పది నిమిషాలు ఆనించవచ్చు. ఐసును నేరుగా చర్మానికి తగలనివ్వకూడదు. కూర్చోవడానికి నడుమ చిల్లు ఉన్న రబ్బరు ట్యూబు కంటే మెత్తటి మామూలు దిండు మంచిది. చిల్లులో ఆ భాగం వేలాడి వాపు ఎక్కువయ్యే వీలుంది. నొప్పికి పారాసెటమాల్ సరిపోకపోతే సొంతంగా డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వేసుకోవద్దు. అవి రక్తస్రావాన్ని పెంచవచ్చు. ట్రమడాల్, కోడీన్ ఉన్న మందులు మలాన్ని బిగిస్తాయి. స్టెరాయిడ్ కలిసిన పైపూత మందులను డాక్టరు చెప్పకుండా వారం దాటి వాడితే అక్కడి చర్మం పల్చబడుతుంది.

తిండి

తొట్టి స్నానం గంటల్లో నొప్పి తగ్గిస్తుంది. పీచు వారాల్లో రక్తం తగ్గిస్తుంది. మొలలకు పీచు మీద జరిగిన ఏడు పరిశోధనలను కలిపి చూసిన కాక్రేన్ సమీక్షలో, పీచు తీసుకున్నవాళ్లలో రక్తం పడటం సుమారు సగానికి తగ్గినట్టు తేలింది. నొప్పి విషయంలో అంత స్పష్టమైన తేడా కనిపించలేదు. నాలుగు రోజులు పీచు తిని “నొప్పి తగ్గలేదు” అని మానేసేవాళ్లు పీచు చేయని పనిని దాన్నుంచి ఆశిస్తున్నారు. దానికి కనీసం ఆరు వారాల గడువు ఇవ్వాలి.

పెద్దవాళ్లకు రోజుకు 25 నుంచి 30 గ్రాముల పీచు కావాలి. మన పళ్లెంలో ఎంతుందో చూద్దాం. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన ఆహార పట్టికల ప్రకారం, 100 గ్రాముల తెల్ల బియ్యంలో పీచు మూడు గ్రాములు కూడా లేదు. అంతే జొన్నల్లో 10 గ్రాములు, రాగుల్లో 11 గ్రాములు ఉంది. ఒక మనిషి రోజుకు 300 గ్రాముల బియ్యం వండుకుని తింటే అన్నం నుంచి వచ్చేది ఎనిమిది గ్రాములు. 40 గ్రాముల కందిపప్పు నుంచి మూడున్నర, ఒక చిన్న గిన్నెడు కూర నుంచి మూడు. మొత్తం 15 దాటదు. రాత్రి 100 గ్రాముల బియ్యం బదులు అంతే జొన్నపిండితో రొట్టెలు చేసుకుంటే ఏడు గ్రాములు పెరుగుతుంది. దానికి తోడు రోజుకో మంచి జామకాయ తింటే ఇంకో ఎనిమిది. కొత్త వంట ఏదీ నేర్చుకోకుండానే 30 అయింది. పప్పులో తోటకూరో గోంగూరో వేయడం, గోరుచిక్కుడు, చిక్కుడు, బెండ వేపుడు కంటే కూరగా ఎక్కువ తినడం, అలసందల గుగ్గిళ్లు, ఇవన్నీ ఆ దారిలోవే. కందను మొలలకు మంచిదని ఆయుర్వేదం అర్శోఘ్నం అంది. తినవచ్చు, పీచున్న దుంపే. అదొక్కటే మందు అనుకోవద్దు.

పీచును ఒక్కరోజులో రెట్టింపు చేస్తే కడుపుబ్బరం, గ్యాస్ వస్తాయి. వారం పది రోజుల మీద పెంచాలి. నీళ్లు కూడా రెండు, రెండున్నర లీటర్ల దాకా తాగాలి. నీళ్లు లేని పీచు మలాన్ని ఇంకా గట్టిపరుస్తుంది. గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లు ఎన్ని నీళ్లు తాగాలో వాళ్ల డాక్టరే చెప్పాలి. తిండితో సరిపోకపోతే ఇసాబ్‌గోల్ పొట్టు ఒకటి రెండు చెంచాలు గ్లాసు నీళ్లలో కలిపి, చిక్కబడకముందే తాగి, వెనకే ఇంకో గ్లాసు నీళ్లు తాగాలి. పొడిగా నోట్లో వేసుకుంటే గొంతులో, పేగులో ఉబ్బి అడ్డుపడే ప్రమాదముంది. మిగతా మందులకూ దీనికీ రెండు గంటల తేడా ఉంచాలి.

ఇక కారం సంగతి. మొలలున్నవాళ్లకు మిరపకాయ గుళిక ఇచ్చి, ఉత్తుత్తి గుళికతో పోల్చి ఇటలీలో చేసిన ఒక పరీక్ష 2006లో వెలువడింది. ఒక మోతాదు కారానికి మొలల బాధ పెరగలేదని అందులో తేలింది. కానీ ఫిషర్ ఆపరేషన్ అయినవాళ్ల మీద నాగపూర్‌లో జరిగిన పరీక్షలో కారం తిన్నవాళ్లకు మంట, నొప్పి ఎక్కువయ్యాయి. అంటే చర్మం చీలి ఉన్నప్పుడు కారం మండిస్తుంది, మొలలకు కారణం కాదు. ఉధృతి ఉన్న వారం పది రోజులు ఆవకాయ, పచ్చిమిర్చి పచ్చడి పక్కన పెట్టండి. తగ్గాక మితంగా తినవచ్చు. “వేడి చేసింది” అనే మాటలో ఉన్న నిజం కూడా ఇదే. మాంసం తిన్నరోజు మొలలు ఎక్కువయ్యాయంటే తప్పు మాంసానిది కాదు, ఆ పూట పళ్లెంలో కూరగాయ లేకపోవడానిది. మజ్జిగలో పీచు లేదు, నీళ్లున్నాయి. ఆ మేరకు మంచిదే.

మరుగుదొడ్లో గడిపే సమయం తిండితో సమానమైన సంగతి. కమోడ్ మీద కూర్చున్నంతసేపూ ఆ మెత్తలకు కింద ఆసరా ఉండదు, రక్తం నిండుతూనే ఉంటుంది. ఐదు నిమిషాల్లో కాకపోతే లేచి వచ్చేయండి. మళ్లీ కదిలినప్పుడు వెళ్లండి. ఫోను బయటే ఉంచండి. కమోడ్ వాడేవాళ్లు పాదాల కింద చిన్న పీట వేసుకుంటే మోకాళ్లు నడుముకంటే ఎత్తుకు వచ్చి మలం సులువుగా వెళ్తుంది.

ఆగకుండా ఆసుపత్రికి వెళ్లవలసినప్పుడు

రక్తం ధారగా పడుతూ ఆగకపోయినా, గడ్డలు గడ్డలుగా పడినా, లేచి నిలబడితే కళ్లు తిరిగినా, గుండె దడ, చల్లటి చెమటలు పట్టినా అదే గంటలో ఆసుపత్రికి వెళ్లాలి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 108కు ఫోన్ చేయవచ్చు. నొప్పితోపాటు జ్వరం, చలి వచ్చినా, మూత్రం బిగిసిపోయినా ఆలస్యం చేయవద్దు. ముఖ్యంగా బ్యాండ్ వేయించుకున్న వారంలో జ్వరం, నొప్పి, మూత్రం రాకపోవడం కలిసి వస్తే లోపల ఇన్ఫెక్షన్ పాకుతున్నట్టు. ఇది అరుదు గాని ప్రాణాంతకం. బయటికి వచ్చిన మొల లోపలికి పోక నల్లబడుతున్నా అంతే.

మలం తారులా నల్లగా, జిగటగా, దుర్వాసనతో వస్తే ఆ రక్తం మొలలది కాదు, పొట్ట నుంచో చిన్నపేగు నుంచో వస్తున్నది. ఐరన్ మాత్రలు వేసుకునేవాళ్లకు కూడా మలం నల్లబడుతుంది, అయితే తారులా జిగటగా ఉండదు. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ వంటి రక్తం పల్చబరిచే మందులు వాడేవాళ్లకు రక్తం ఎక్కువగా పోవచ్చు. ఆ మందులను సొంతంగా ఆపకూడదు, వెంటనే రాసిన డాక్టరుకు చెప్పాలి. లివర్ గట్టిపడిన జబ్బున్నవాళ్లలో మలద్వారం నుంచి వచ్చే రక్తం మొలలది కాక, ఉబ్బిన సిరలది కావచ్చు. దాని వైద్యం వేరు.

మరికొన్ని సూచనలు అంత హడావుడి పెట్టవు, కానీ వాటిని వదిలేయడమే ఎక్కువ ప్రమాదం. రక్తం మలంతో కలిసిపోయి, బంకతో రావడం. మూడు వారాలకు మించి మలవిసర్జన అలవాటు మారడం, అంటే ఎప్పుడూ లేని విరేచనాలో, మలబద్ధకమో రావడం. వెళ్లివచ్చినా ఇంకా మిగిలినట్టు అనిపించడం. కారణం లేకుండా బరువు తగ్గడం. రక్తహీనత. ఇంట్లో దగ్గరివాళ్లకు పెద్దపేగు క్యాన్సర్ వచ్చి ఉండటం. 45 ఏళ్లు దాటాక మొదటిసారి రక్తం పడటం. వీటిలో ఒక్కటున్నా మొలలు కంటికి కనిపిస్తున్నా సరే, పేగు పరీక్ష చేయించాలి. మొలలున్న మనిషికి క్యాన్సర్ రాకూడదన్న నియమం లేదు. మన దేశంలో ఈ క్యాన్సర్ నలభై లోపువాళ్లలోనూ కనిపిస్తోంది. వాళ్లలో చాలామంది మొలలే అనుకుని నెలల తరబడి మందులు వాడి ఆలస్యంగా వచ్చినవాళ్లే.

“మొలలకు గ్యారంటీ వైద్యం, ఆపరేషన్ లేదు” అని బోర్డు పెట్టి, ఏ చదువూ లేకుండా ఇంజెక్షన్లు ఇచ్చేవాళ్ల దగ్గరికి వెళ్లొద్దని గట్టిగా చెప్పవలసి ఉంది. ఏ మందో తెలియని ఇంజెక్షన్ తగిలినచోట కండ కుళ్లిపోవచ్చు, ద్వారం సన్నబడి మూసుకుపోవచ్చు. అంతకు మించిన నష్టం, లోపల వేలుపెట్టి చూడకుండానే వాళ్లు దాన్ని మొలలని తేల్చేయడం.

అసలు పరీక్ష భయపడేంతది కాదు. ఎడమ పక్కకు తిరిగి, మోకాళ్లు ముడుచుకుని పడుకుంటారు. డాక్టరు తొడుగు వేసుకున్న వేలికి జెల్లీ రాసి లోపల తడిమి చూస్తారు, తర్వాత ప్రాక్టోస్కోప్ అనే పొట్టి గొట్టంతో చూస్తారు. రెండు మూడు నిమిషాల్లో అయిపోతుంది. ఫిషర్ ఉండి తాకనివ్వలేనంత నొప్పి ఉంటే ఆ రోజు బలవంతం చేయరు, నొప్పి తగ్గాక రమ్మంటారు. ఆడవాళ్లు మహిళా డాక్టరు కావాలని గాని, పక్కన నర్సు ఉండాలని గాని అడగవచ్చు, అది వాళ్ల హక్కు. మలద్వారానికి దగ్గరలో పుట్టే క్యాన్సర్లలో చాలావాటిని ఆ వేలే పట్టుకుంటుంది. సిగ్గుపడి ఆ రెండు నిమిషాలను వాయిదా వేయవద్దు.